ఈల్డ్ కర్వ్ గీత కిందికి వంగింది, డబ్బు ఏ బాండ్లో పెట్టాలి?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఉద్యోగం మానేసినప్పుడు వచ్చిన మొత్తాన్ని ప్రభుత్వ బాండ్లలో పెడదామని మావారూ నేనూ అనుకున్నాం. అందులో సగం మూడేళ్ల తర్వాత మా అమ్మాయి పైచదువుకు కావాలి. మిగతా సగం మా ఇద్దరి ముందు రోజులకు. ఇంతలో మా బావగారు ఒక ఈల్డ్ కర్వ్ చార్టు పంపారు. అందులో ఏడాది బాండుకు 5 శాతం, రెండేళ్లకు 4.5, మూడేళ్లకు 4.2, పదేళ్లకు 4 అని ఉంది. "గీత తలకిందులైంది, మాంద్యం ఖాయం, మొత్తం పదేళ్ల బాండ్లో పెట్టెయ్యండి" అంటారాయన. మావారేమో "ఏడాదికే 5 ఇస్తుంటే పదేళ్లు కట్టిపడేసుకుని 4 ఎందుకు తీసుకోవాలి" అంటారు. నాకైతే ఆ గీత చూస్తే వడ్డీ ఏటేటా పడిపోతోందనే అనిపించింది. ఇద్దరూ నన్నే తేల్చమంటున్నారు. నెల రోజులుగా డబ్బు పొదుపు ఖాతాలోనే ఉంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ చార్టును అసలు ఎలా చదవాలి?

జవాబు: ముందు ఆ చార్టు అడుగున ఉన్న అంకెల దగ్గర ఆగుదాం. మీ అయోమయం అక్కడే మొదలైంది. మనం రోజూ చూసే చార్టుల్లో అడుగున తేదీలు ఉంటాయి. గీత కుడివైపుకు వెళ్తున్నకొద్దీ కాలం గడుస్తున్నట్టు. ఈల్డ్ కర్వ్ అలాంటిది కాదు. దాని అడుగున ఉన్న 1, 2, 3, 10 అనేవి గడిచిపోయిన ఏళ్లూ కావు, రాబోయే ఏళ్లూ కావు. అవి బాండ్ల కాలపరిమితులు. అంటే ఒకే రోజున, ఒకే ప్రభుత్వం అప్పు తీసుకుంటే, ఏడాదికి తీసుకున్న అప్పుకు ఎంత, పదేళ్లకు తీసుకున్న అప్పుకు ఎంత అని పక్కపక్కన పెట్టి చుక్కలు కలిపిన గీత అది. ఒక రోజు ఫొటో అనుకోండి. మర్నాటికి ఇంకో ఫొటో వస్తుంది.

కాబట్టి 5 నుంచి 4కు దిగిన ఆ గీత "వడ్డీ పడిపోయింది" అని చెప్పడం లేదు. "ఈ రోజు ఏడాది అప్పు ఖరీదు 5 శాతం, పదేళ్ల అప్పు ఖరీదు 4 శాతం" అని చెబుతోంది. అంతే.

నిలువు వైపు ఉన్నది ఈల్డ్. దీన్ని చాలామంది బాండు మీద రాసి ఉండే వడ్డీ, అంటే కూపన్, అనుకుంటారు. రెండూ వేరు. కూపన్ మారదు. ఈల్డ్ అంటే ఇవాళ్టి మార్కెట్ ధరకు ఆ బాండు కొని, గడువు తీరేదాకా ఉంచుకుంటే ఏడాదికి సగటున ఎంత గిట్టుబాటవుతుందో ఆ లెక్క. 100 ముఖ విలువ, 4 కూపన్ ఉన్న పదేళ్ల బాండును 100కే కొంటే ఈల్డ్ 4 శాతం. అదే బాండు మార్కెట్లో సుమారు 92.30కి దొరికితే ఈల్డ్ 5 శాతం అవుతుంది. ధర దిగితే ఈల్డ్ ఎక్కుతుంది, ధర ఎక్కితే ఈల్డ్ దిగుతుంది. ఈ ఒక్కటి గుర్తుంచుకోండి, తర్వాత మీ డబ్బు లెక్కల్లో ఇదే అక్కరకొస్తుంది.

బావగారు పంపిన చార్టులో ఇంకో రెండు విషయాలు కూడా చూడండి. నిలువు గీత సున్నా దగ్గర మొదలైందా, 3.8 దగ్గర మొదలైందా? 3.8 దగ్గర మొదలుపెడితే ఒక్క శాతం తేడా కూడా కొండ మీంచి జారినట్టు కనిపిస్తుంది. అలాగే అడుగున 1కీ 2కీ మధ్య ఉన్నంత దూరమే 3కీ 10కీ మధ్య పెడితే, ఏడేళ్ల తేడా ఏడాది తేడాలా కనిపించి గీత వంపు మారిపోతుంది. అందుకే వంపు చూసి భయపడకుండా అంకెలు చదవాలి. మీరు ఉత్తరంలో అంకెలు రాయడం నాకు చాలా ఉపయోగపడింది.

ఇక ఈ గీత మామూలుగా ఎందుకు పైకి వాలి ఉంటుందో చూద్దాం. దీనికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. మొదటిది, ఎక్కువ కాలం డబ్బు ఇచ్చేవాడు ఎక్కువ రిస్కు మోస్తాడు. వచ్చే పదేళ్లలో ధరలు ఎంత పెరుగుతాయో ఎవరికీ తెలియదు. చేతికొచ్చే 100కి అప్పుడు ఎంత విలువ ఉంటుందో తెలియదు. మధ్యలో డబ్బు అవసరమైతే ఆ రోజు ధరకు అమ్ముకోవాలి. ఈ అనిశ్చితికి అతను కాస్త అదనం అడుగుతాడు. దాన్ని టర్మ్ ప్రీమియం అంటారు. రెండో కారణం, ముందు ముందు వడ్డీ రేట్లు ఎలా ఉంటాయని మార్కెట్ అనుకుంటోందో అది.

ఈ రెండోదాన్ని ఒక లెక్కతో చెబుతాను. ఏడాది బాండుకు 3 శాతం, రెండేళ్ల బాండుకు 3.5 శాతం ఉందనుకోండి. మీ ముందు రెండు దారులున్నాయి. రెండేళ్ల బాండు కొని కూర్చోవచ్చు. లేదా ఏడాది బాండు కొని, అది తీరాక ఆ డబ్బుతో ఇంకో ఏడాది బాండు కొనవచ్చు. మొదటి దారిలో 100 రెండేళ్లకు 107.12 అవుతుంది. రెండో దారిలో మొదటి ఏడాది చివర 103 చేతికొస్తుంది. అది 107.12 కావాలంటే రెండో ఏడాది 4 శాతం రావాలి. అంటే ఏడాది తర్వాత ఏడాది బాండుకు 4 శాతం ఉంటేనే రెండు దారులూ సమానం. మార్కెట్లో ఉన్న పెద్ద పెద్ద సంస్థలు ఈ లెక్క ప్రతి నిమిషం వేస్తూనే ఉంటాయి. ఒక దారి లాభమని తోస్తే అందరూ అటే పోతారు, ధరలు సర్దుకుంటాయి. కాబట్టి గీతలోనే "ఏడాది తర్వాత 4" అనే అంచనా దాగి ఉంటుంది. అందులో కొంత నిజమైన అంచనా, కొంత ఇందాక చెప్పిన అదనం. ఏది ఎంతో గీత చూసి విడదీయలేం. నిపుణులు కూడా మోడళ్లతో లెక్కగడతారు, ఒకరి లెక్క ఇంకొకరి లెక్కతో కలవదు.

ఇప్పుడు ఇదే లెక్క మీ చార్టుకు వేద్దాం. ఏడాదికి 5, రెండేళ్లకు 4.5. రెండేళ్ల బాండులో 100 కాస్తా 109.20 అవుతుంది. ఏడాది బాండులో మొదటి ఏడాది 105. అక్కణ్ణుంచి 109.20కి చేరాలంటే రెండో ఏడాది 4 శాతం చాలు. మూడేళ్ల 4.2 కూడా కలిపి చూస్తే మూడో ఏడాదికి సుమారు 3.6 వస్తుంది. అంటే మీ చార్టు నిజంగా చెబుతున్నది ఇది: ఏడాది వడ్డీ ఇవాళ 5, వచ్చే ఏడాది 4, ఆపై ఏడాది 3.6 అయ్యేలా మార్కెట్ ఇప్పటికే ధరలు కట్టేసింది. వడ్డీ తగ్గుతోందని మీకు తోచింది కదా, అది పూర్తిగా తప్పు కాదన్నమాట. కాకపోతే తగ్గింది అని కాదు, తగ్గుతుందని అందరూ అనుకుంటున్నారు అని.

గీత తిరగబడటం అంటే ఇదే. పొట్టి కాలపరిమితుల వడ్డీ కేంద్ర బ్యాంకు చేతిలో ఉంటుంది. ధరలు విపరీతంగా పెరుగుతుంటే అది తన రేటు పెంచుతుంది, గీత ఎడమ చివర పైకి లేస్తుంది. కుడి చివర ఉన్న పదేళ్ల ఈల్డ్ మాత్రం "ఈ గట్టి రేటు ఎంతో కాలం ఉండదు, దీని దెబ్బకు వ్యాపారాలు మందగిస్తాయి, అప్పుడు కేంద్ర బ్యాంకే రేటు దించుతుంది" అనే ఆలోచనతో నడుస్తుంది. జనం ఇప్పుడున్న రేటును ఎక్కువ కాలానికి భద్రం చేసుకుందామని పొడవు బాండ్లు కొంటారు. వాటి ధర పెరిగి ఈల్డ్ దిగుతుంది. అమెరికాలో 2022 మార్చిలో దాదాపు సున్నా దగ్గరున్న రేటును అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ 2023 జులై కల్లా 5.25 – 5.50 శాతానికి తీసుకెళ్లినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది.

మరి మాంద్యం ఖాయమా? బావగారి మాటకు ఆధారం లేకపోలేదు. 1986లో కాంప్‌బెల్ హార్వే షికాగో విశ్వవిద్యాలయంలో చేసిన డాక్టరేట్ పరిశోధనలో ఈ గీత వాలుకూ రాబోయే ఆర్థిక వృద్ధికీ సంబంధం ఉందని చూపించారు. అప్పటినుంచి అందరూ దీన్ని గమనిస్తున్నారు. అమెరికాలో పదేళ్ల ఈల్డ్ 2000 మొదట్లో రెండేళ్ల ఈల్డ్ కంటే కిందికి దిగింది, 2001 మార్చిలో మాంద్యం మొదలైంది. 2006లో మళ్లీ దిగింది, మాంద్యం 2007 డిసెంబరులో మొదలైంది.

కానీ ఆ రెండో ఉదంతాన్ని కాస్త దగ్గరగా చూడండి. గీత తిరగబడిన తర్వాత ఏడాదికి పైగా ఏమీ కాలేదు. 2007 చివర మాంద్యం మొదలయ్యేటప్పటికి గీత మళ్లీ పైకి వాలింది కూడా. ఎందుకంటే ఫెడరల్ రిజర్వ్ అప్పటికే రేట్లు దించడం మొదలుపెట్టింది, ఎడమ చివర కిందికి దిగింది. "గీత సరయిపోయింది, గండం గడిచింది" అని ఆ రోజుల్లో అనుకున్నవాళ్లు పొరబడ్డారు. కాబట్టి గీత మళ్లీ మామూలుగా మారిందని తెలిసినప్పుడు ఏ చివర కదిలిందో చూడాలి. ఎడమ చివర కిందికి దిగి సరయితే వడ్డీలు దించాల్సిన అవసరం వచ్చిందని అర్థం. కుడి చివర పైకి లేచి సరయితే దీర్ఘకాలపు అప్పుకు జనం ఎక్కువ అడుగుతున్నారని అర్థం. చూడటానికి ఆకారం ఒకటే, కథలు వేరు.

ఇక తప్పిన సందర్భాలు. 1966లో గీత తిరగబడింది, వృద్ధి మందగించిందే తప్ప మాంద్యం రాలేదు. 2022 జులై నుంచి 2024 సెప్టెంబరు మొదటి దాకా పదేళ్ల ఈల్డ్ రెండేళ్ల ఈల్డ్ కంటే కిందే ఉండిపోయింది. 2023లో ఆ తేడా ఒక శాతం పాయింటు దాటింది. ఆ రెండేళ్లలో అమెరికాలో మాంద్యం రాలేదు. ఇంకో సంగతి, గీత తిరగబడటానికి మాంద్యం భయమే కారణం కానక్కర్లేదు. 2011లో గ్రీస్ ప్రభుత్వం అప్పు తిరిగి కట్టగలదా అన్న అనుమానం ముదిరినప్పుడు దాని రెండేళ్ల ఈల్డ్ పదేళ్ల ఈల్డ్‌ను దాటి ఎక్కడికో పోయింది. అది వడ్డీలు తగ్గుతాయన్న అంచనా కాదు, త్వరలోనే డబ్బు ఎగ్గొడతారన్న భయం. అందుకే ఏ ప్రభుత్వం గీత చూస్తున్నామో, ఎడమ చివర ఎందుకు ఎత్తుగా ఉందో తెలుసుకోకుండా ఆకారాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు.

సరే, మాంద్యం వస్తుందనే అనుకుందాం. అయినా బావగారి సలహాలో ఒక మెట్టు తప్పిపోయింది. నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. రేట్లు తగ్గుతాయన్న అంచనా మీరు కొనబోయే బాండు ధరలో ఇప్పటికే ఉంది. ఏడాది బాండుకు 5 ఇచ్చే రోజున పదేళ్ల బాండుకు 4 మాత్రమే ఇవ్వడం అంటే అదే. ఆ అంచనాకు మీరు ముందే ధర కడుతున్నారు. రేట్లు తగ్గినంత మాత్రాన పొడవు బాండు గెలవదు. మార్కెట్ అనుకున్నదానికంటే ఎక్కువ తగ్గితేనే గెలుస్తుంది. మీవారి మాటలో కూడా ఇలాంటి మెట్టే ఒకటి తప్పింది అని మీరు ఆయనకు చెప్పవచ్చు. ఆయన చూపిస్తున్న 5 శాతం ఒక్క ఏడాదికే. రెండో ఏడాది ఎంతిస్తారో ఎవరూ మాటివ్వలేదు.

మీ డబ్బులో మూడేళ్ల తర్వాత కావలసిన సగాన్ని తీసుకుని మూడు దారుల్లోనూ నడిపించి చూద్దాం. లెక్క తేలిగ్గా ఉండటానికి 100 అనుకుందాం, పన్ను పక్కన పెడదాం.

మీవారి దారిలో ఏటా ఏడాది బాండు తిరిగి కొంటూ పోతారు. రేట్లు కదలకుండా మూడేళ్లూ 5 దగ్గరే ఉంటే 100 కాస్తా 115.76 అవుతుంది. మార్కెట్ అనుకున్నట్టే 5, 4, 3.6 అయితే 113.13. బావగారు భయపడుతున్నట్టు మాంద్యం వచ్చి 5, 3, 2.5 అయితే 110.85. ఈ దారిలో అసలుకు దెబ్బ తగలదు, కానీ చివరికి ఎంత వస్తుందో ఇవాళ చెప్పలేం.

బావగారి దారిలో పదేళ్ల బాండు కొని మూడేళ్ల తర్వాత అమ్మాలి. అప్పటికి అది ఏడేళ్లు మిగిలిన బాండు. మూడేళ్లలో కూపన్లుగా 12 చేతికొస్తాయి. అమ్మే రోజున ఏడేళ్ల ఈల్డ్ 3 ఉంటే ధర సుమారు 106.20, మొత్తం 118 దాకా వస్తుంది. ఈల్డ్ 5 ఉంటే ధర 94.20, మొత్తం 106 దగ్గర ఆగిపోతుంది. ఆయన అంచనా నిజమైతే ఈ దారిదే పైచేయి, నేను కాదనను. నిజం కాకపోతే, ధరలు మళ్లీ పెరిగి ఈల్డ్ ఎక్కితే, ఫీజు కట్టాల్సిన నెలలోనే నష్టానికి అమ్మాలి. ఆగుదామంటే కాలేజీ ఆగదు. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కుప్పకూలడానికి ఒక ముఖ్య కారణం ఇదే. తక్కువ ఈల్డ్ రోజుల్లో కొన్న పొడవు బాండ్లు దాని దగ్గర పేరుకుపోయాయి, ఖాతాదారులు డబ్బు అడిగిన రోజున వాటిని నష్టానికి అమ్మాల్సి వచ్చింది. బాండ్లు మంచివే, గడువుదాకా ఉంచుకునే వ్యవధి దానికి లేకపోయింది.

మూడో దారి మీ ఇంట్లో ఎవరూ అనలేదు. ఫీజు కట్టే తేదీకి కాస్త ముందు గడువు తీరే మూడేళ్ల బాండు కొనడం. 4.2 శాతం చొప్పున 100 కాస్తా 113.14 అవుతుంది. మధ్యలో మాంద్యం వచ్చినా రాకున్నా, గీత ఎటు వాలినా, ఆ అంకె మారదు. ఇక్కడ చిన్న షరతు ఉంది. బాండు మధ్యమధ్యలో కూపన్ ఇచ్చేదయితే ఆ కూపన్‌ను తిరిగి ఎంతకు పెడతారన్న దాన్ని బట్టి కొద్ది పైసల తేడా వస్తుంది. ఈ దారిలో మీరు వదులుకునేది, రేట్లు 5 దగ్గరే ఉండిపోతే 100 మీద అదనంగా వచ్చే రెండున్నర. అమ్మాయి చదువు డబ్బుకు ఆ రెండున్నర ముఖ్యమా, అంకె ముందే తెలియడం ముఖ్యమా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. నన్నడిగితే, తేదీ ఖరారైన డబ్బు విషయంలో నేను అంకె వైపే మొగ్గుతాను.

మిగతా సగం సంగతి వేరు, అక్కడ బావగారి మాటకు బలం ఉంది. ఆ డబ్బు చాలా ఏళ్లపాటు అక్కర్లేదు. మీకు అక్కడ రిస్కు, ధర ఊగడం కాదు. రేట్లు పడిపోయాక తక్కువ వడ్డీకి తిరిగి పెట్టాల్సి రావడం. ఏడాది బాండ్లలోనే తిప్పుతూ పోతే, రెండు మూడేళ్లలో ఏడాది వడ్డీ 2.5కి దిగితే మీ ఆదాయం సగమవుతుంది. పదేళ్ల బాండు ఆ 4 శాతాన్ని పదేళ్లూ నిలబెడుతుంది. కానీ మొత్తం అందులోనే పెడితే, ధరలు బాగా పెరిగే కాలం వస్తే అదే 4 శాతం చాలకుండా పోతుంది, చేతిలో మార్చుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని చాలామంది దీన్ని మెట్లుగా పేరుస్తారు. కొంత ఏడాదికి, కొంత మూడేళ్లకు, కొంత ఐదేళ్లకు, కొంత పదేళ్లకు. ఒక్కో మెట్టు తీరినప్పుడల్లా ఆ డబ్బును ఆ రోజున్న రేటుకు చివరి మెట్టులో పెడతారు. అన్నీ ఒకేసారి గెలవవు, అన్నీ ఒకేసారి ఓడవు. మాంద్యం వస్తుందని మీకు గట్టిగా అనిపిస్తే పొడవు మెట్లు కాస్త లావు చేయండి. మీవారి మాటే నచ్చితే పొట్టి మెట్లు. ఏ మెట్టుకు ఎంత అన్నది ఇంట్లో వాదించుకోవడానికి తగిన ప్రశ్న. మాంద్యం వస్తుందా రాదా అన్నది మీ ముగ్గురిలో ఎవరూ తేల్చగలిగే ప్రశ్న కాదు.

మీరు రాసిన అంకెలు నెల కిందటి చార్టువి అయి ఉంటాయి. కొనేముందు ఆ రోజు ఈల్డ్‌లతో ఇందాకటి లెక్క మళ్లీ వేసుకోండి. 100ను మూడేళ్ల రేటుతో మూడేళ్లు పెంచి చూడండి, ఏడాది రేటుతో పెంచితే వచ్చేదానితో పోల్చండి, మధ్యలో మార్కెట్ ఎంత తగ్గుదల అనుకుంటోందో కాగితం మీద రాసి మీవారికీ బావగారికీ చూపించండి. గడువుకు ముందే అమ్మాల్సి వస్తే కొనే ధరకూ అమ్మే ధరకూ ఎంత తేడా పడుతుందో, వడ్డీ మీద పన్ను ఎంతో మీరు బాండు కొనేచోట ముందే అడగండి. ఒకవేళ బావగారు ఈసారి అడుగున తేదీలున్న చార్టు పంపి, మధ్యలో ఉన్న సున్నా గీత కిందికి దిగిందని చూపిస్తే, అది ఈల్డ్ కర్వ్ కాదు. పదేళ్ల ఈల్డ్‌లోంచి రెండేళ్ల ఈల్డ్ తీసేస్తే మిగిలేదాన్ని రోజు తర్వాత రోజు గీసినది. అందులో మాత్రం మీరు మొదట చదివినట్టే, ఎడమ నుంచి కుడికి కాలం గడుస్తున్నట్టుగానే చదవాలి.